ఊరికే ఉంటే తోచని పిల్లవాడు: ఒక ఏడీహెచ్‌డీ కేసు

ఒంగోలులో పిల్లల క్లినికల్ సైకాలజిస్టుగా నేను చూసిన కేసు ఇది. ఏడీహెచ్‌డీ అంటే శ్రద్ధ నిలవకపోవడం, అతిచురుకు, తొందరపాటు పిల్లల్లో వయసుకు మించి ఉండే సమస్య. పేరు, ఊరు, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. రాసుకోవడానికి తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. పిల్లవాణ్ణి ఇక్కడ చిన్నా అని పిలుస్తాను.

ఈ కేసులో రోగ నిర్ధారణ మొదటి నెలలోనే సరిగ్గా పడింది, చికిత్స మాత్రం మూడు నెలలు దారి తప్పింది. ఆ రెండింటికీ మధ్య ఏం జరిగిందో చెప్పడానికే రాస్తున్నాను.

వచ్చినప్పుడు

చిన్నాకి తొమ్మిదేళ్లు. నాలుగో తరగతి, ప్రైవేటు స్కూలు. ఒంగోలుకు అరగంట దూరంలో పల్లె. తండ్రి పొగాకు రైతు, సొంత బ్యారన్ ఉంది. తల్లి ఇంటిపనితో పాటు ఆకు గ్రేడింగు కూడా చూసుకుంటుంది. ఇంట్లో నాయనమ్మ. నెలలు నిండి పుట్టాడు, నడక, మాట వయసుకే వచ్చాయి. ఫిట్స్ లేవు, తలకు దెబ్బ లేదు, గురక లేదు. పిల్లల డాక్టరు చూపు, వినికిడి పరీక్ష చేయించి పంపారు. నేను మళ్లీ అడిగింది ఒకటే: మాట్లాడుతూ మాట్లాడుతూ కొన్ని క్షణాలు కళ్లు నిలిపి ఆగిపోవడం ఎప్పుడైనా చూశారా అని. పిల్లల్లో వచ్చే ఒక రకం ఫిట్స్ అచ్చం పరధ్యానంలాగే కనిపిస్తుంది. అలాంటిదేమీ లేదన్నారు.

స్కూలు ఫిర్యాదు రెండు పేజీలు ఉంది. కుదురుగా కూర్చోడు, లైనులో ముందువాణ్ణి నెడతాడు, డైరీ రాసుకోడు, ప్రశ్న పూర్తి కాకముందే జవాబు చెబుతాడు. అన్నిటికన్నా టీచరుకు కోపం తెప్పించింది యూనిట్ టెస్టులు. గంట పేపరును ఇరవై నిమిషాల్లో సగం రాసి ఇచ్చేసి, ఇక పక్కవాళ్ల పని పడతాడు.

తల్లి మాట వేరేగా ఉంది. "పరుగులు పెట్టడం కాదు మేడం బాధ. ఆగమంటే ఆగడు, అదీ బాధ."

వెనక కుర్చీలో కూర్చున్న నాయనమ్మ ఒక మాట అంది. "వాడికి ఊరికే ఉంటే తోచదమ్మా. ఏదో ఒకటి చేతిలో ఉంటే బంగారం." ముసలావిడ మనవణ్ణి వెనకేసుకొస్తోంది అనుకుని నోట్సులో రాసుకోలేదు. ఆ మాట దగ్గరికి తర్వాత వస్తాను.

పరీక్షల్లో ఏం కనిపించింది

ఏడీహెచ్‌డీ లక్షణాలు ఎంత తరచుగా ఉన్నాయో అడిగే వాండర్‌బిల్ట్ ప్రశ్నావళి తల్లికి, టీచరుకు విడివిడిగా ఇచ్చాను. టీచరు లెక్కలో శ్రద్ధకు సంబంధించిన తొమ్మిది లక్షణాల్లో ఏడు, అతిచురుకు, తొందరపాటుకు సంబంధించిన తొమ్మిదిలో ఎనిమిది "తరచుగా" గానీ అంతకన్నా ఎక్కువగా గానీ ఉన్నాయి. తల్లి లెక్కలో ఆరు, ఏడు. యూకేజీ నుంచీ ఇదే తంతు. ఇంట్లోనూ స్కూల్లోనూ ఉంది, పన్నెండేళ్ల లోపే మొదలైంది, ఆర్నెల్ల కంటే చాలా ఎక్కువ కాలంగా సాగుతోంది, చదువు దెబ్బతింటోంది. మానసిక సమస్యల నిర్ధారణకు మేం వాడే డీఎస్‌ఎం-5 పుస్తకం అడిగేవి ఇవే. రెండూ కలిసిన రకం ఏడీహెచ్‌డీ అని రాయడానికి నేను తటపటాయించలేదు.

ఆ తర్వాత పెట్టిన పరీక్షలు రోగ నిర్ధారణ కోసం కాదు, బిడ్డ బలం ఎక్కడుంది, లోటు ఎక్కడుంది అని తెలుసుకోవడానికి. మాలిన్ తెలివితేటల పరీక్షలో 103 వచ్చింది. తెలుగు, ఇంగ్లీషు చదవడం, లెక్కలు తరగతికి తగ్గట్టే ఉన్నాయి, కాబట్టి లర్నింగ్ డిజబిలిటీ కాదు. అంకెలు విని చెప్పడం ముందుకు ఆరు, వెనక్కి నాలుగు. తొమ్మిదేళ్లకి ఇది బాగానే ఉన్నట్టు. స్ట్రూప్ పరీక్షలో ఒక రంగు పేరును వేరే రంగులో రాసి, పదం చదవకుండా రాసిన రంగు చెప్పమంటే వయసుకు తగ్గట్టే చెప్పాడు. నేను ఒకసారి తడితే రెండుసార్లు తట్టాలి, రెండుసార్లు తడితే ఊరుకోవాలి అనే ఆటలో ముప్పైకి రెండే తప్పులు. గుర్తులు చూసి అంకెలు వేసే కోడింగ్ ఒక్కటి కొంచెం తగ్గింది.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఏడీహెచ్‌డీ అనగానే మన చదువుల్లో ముందు గుర్తొచ్చేది ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్లు. అంటే వచ్చిన ఆలోచనను ఆపుకోవడం, విషయాన్ని మనసులో పట్టి ఉంచి దానితో పని చేయడం, ముందుగా పథకం వేసుకోవడం, ఒక పద్ధతి నుంచి ఇంకోదానికి మారడం. అమెరికన్ సైకాలజిస్టు రసెల్ బార్క్‌లీ 1997లో చెప్పిన నమూనాలో అన్నిటికీ మూలం మొదటిదే. చేయబోయే పనిని ఒక క్షణం ఆపుకోగలిగితేనే మిగతావన్నీ పని చేయడానికి సందు దొరుకుతుంది, ఆ ఆపుడు బలహీనమైతే అన్నీ కుంటుపడతాయి అంటాడు. పిల్లల్ని గుంపుగా తీసుకుని కొలిస్తే ఇది చాలావరకు నిజమే. 2005లో విల్‌కట్, ఆయన తోటివాళ్లు 83 అధ్యయనాలను కలిపి చూస్తే, ఏడీహెచ్‌డీ పిల్లలు సగటున ఈ పరీక్షల్లో వెనకబడే ఉన్నారు. ఆపుకోవడం, మనసులో పట్టి ఉంచడం, శ్రద్ధ నిలపడం, పథకం వేయడం, వీటిలో తేడా బాగా కనిపించింది. కానీ ఆ తేడా ఒక మోస్తరుదే. ఏ ఒక్క పరీక్ష తీసుకున్నా ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో దాదాపు సగం మందో, అంతకన్నా ఎక్కువ మందో మామూలుగానే చేస్తారు.

అంటే చిన్నా పరీక్షలు బాగా రావడం వింతేమీ కాదు. పైగా క్లినిక్ గదిలో పరిస్థితే వేరు. కొత్త గది, కొత్త మనిషి, ఎదురుగా ఒక్కరే, రెండు నిమిషాలకో కొత్త పని. ఇంట్లో రోజంతా గంతులేసే బిడ్డ నా ముందు గంటసేపు బుద్ధిగా కూర్చుంటే తల్లులు అవమానపడతారు, "ఇక్కడ నటిస్తున్నాడు మేడం" అంటారు. నటన కాదు, ఆ గదిలో ఖాళీ అనేది లేదు.

కంప్యూటర్ మీద శ్రద్ధ పరీక్ష ఒక్కటి తేడాగా వచ్చింది. పద్నాలుగు నిమిషాలు తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే వస్తాయి. ఎక్స్ తప్ప ఏ అక్షరం వచ్చినా మీట నొక్కాలి. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఒకసారి ఒక సెకను, ఒకసారి రెండు, ఒకసారి నాలుగు సెకన్ల ఎడం ఉంటుంది. ఎక్స్ వచ్చినా నొక్కేయడం చిన్నాలో మరీ ఎక్కువ లేదు. కానీ నొక్కే వేగం ఒకేలా లేదు, ఒకసారి టక్కున, ఒకసారి నిద్రలో లేచినట్టు. ఇలా వేగం నిలకడగా లేకపోవడం ఏడీహెచ్‌డీ పిల్లల్లో అన్నిటికన్నా తరచుగా కనిపించే గుర్తుల్లో ఒకటి. ఒక సెకను ఎడం ఉన్న భాగంలో వాడు బాగానే ఉన్నాడు. నాలుగు సెకన్ల ఎడం వచ్చేసరికి చెదిరిపోయాడు. రిపోర్టులో ఆ వరస నా కళ్ల ముందే ఉంది. "శ్రద్ధ నిలకడ తక్కువ" అని రాసి ఊరుకున్నాను. వేగంగా వచ్చే పని కన్నా నిదానంగా వచ్చే పని ఎందుకు కష్టమైంది అని అడగాల్సింది. అడగలేదు.

మొదట వేసిన పథకం

పరీక్షల్లో లోటు లేకపోయినా నేను ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్ల దారిలోనే పథకం వేశాను. అలవాటు అలాంటిది. గోడకు టైంటేబుల్. స్కూలు సంచికి ఐదు బొమ్మల చెక్‌లిస్టు. పెద్ద పనిని ముక్కలు చేసుకోవడం. సమస్య చదివి, తిరిగి తన మాటల్లో చెప్పి, అప్పుడు రాయడం. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా హోంవర్కు. కుదురుగా కూర్చున్న రోజుకు ఒక స్టార్, ఐదు స్టార్లు వస్తే ఆదివారం కొత్తపట్నం బీచ్.

మొదటి వారం ఐదు స్టార్లు వచ్చాయి, బీచికి వెళ్లారు. రెండో వారం మూడు. మూడో వారం బుధవారం నాడే చార్టు చించేశాడు. తల్లి వివరం చెప్పింది. సోమవారం ఒక స్టార్ పోయింది, అంతే, "ఇంక ఎటూ లేదు గదా" అని మంగళవారం నుంచి పట్టించుకోవడం మానేశాడు. సంచి చెక్‌లిస్టు మాత్రం పని చేసింది, ఇప్పటికీ చేస్తోంది. అది రెండు నిమిషాల పని.

చార్టు నియమాలు మార్చాను. స్టార్లు పెంచాను, నాలుగొస్తే చాలన్నాను. ఆరు వారాలు ఇలా లాగాను. క్వార్టర్లీ పరీక్షలొచ్చాయి. గంటన్నర పేపరు ఇరవై ఐదు నిమిషాల్లో ఇచ్చేశాడు.

ఆ లెక్కల పేపరు తెప్పించుకున్నాను. మొదటి పేజీలో తొమ్మిది లెక్కలకు ఎనిమిది రైటు. రెండో పేజీలో మూడు చేశాడు, మూడూ రైటే. మిగతాది తెల్లకాగితం. వదిలేసిన లెక్కలు నోటితో అడిగాను, ఐదింటిలో నాలుగు చెప్పాడు. అజాగ్రత్త వల్ల తప్పులు రాసే పిల్లవాడి పేపరు ఇలా ఉండదు, తప్పులు పేపరంతా చెదిరి ఉంటాయి. లెక్క రాని పిల్లవాడి పేపరూ ఇలా ఉండదు, మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. ఇది లేచి వెళ్లిపోయిన పిల్లవాడి పేపరు.

"ఎందుకు ఇచ్చేశావు రా?"

"ఇచ్చేస్తే అయిపోద్ది కదా మేడం."

ఏమయిపోతుంది అని అడిగితే గోడ గడియారం వైపు చూపించాడు.

ప్రశ్న మార్చాక

తల్లిని, టీచరును రెండు వారాలు ఒక పని చేయమన్నాను. గొడవ జరిగినప్పుడల్లా వాడు ఏం చేశాడో కాదు, దానికి సరిగ్గా ముందు ఏం జరుగుతోందో ఒక్క లైను రాయమన్నాను. 23 లైన్లు వచ్చాయి. మధ్యాహ్నం చేతులు కడుక్కునే లైను. లెక్క చేసి చూపించడానికి టీచరు బల్ల దగ్గర నిలబడటం. ఆటో ఇంకా రాలేదు. అన్నం వడ్డించారు, కూర పొయ్యి మీద ఉంది. "ఇది చేయి, నేను ఉల్లిపాయలు కోసి వచ్చి తర్వాతది చెబుతా." లెక్కపెడితే 23లో 17 ఇలాంటివే. పని చేస్తుండగా వచ్చిన గొడవలు ఆరు. పనికీ పనికీ మధ్య ఊరికే ఉండాల్సిన చోట వచ్చినవి పదిహేడు.

నాయనమ్మ మాట అప్పుడు గుర్తొచ్చింది. తోచకపోవడం అనే మాట మన భాషలో ఎంత సూటిగా ఉందో. బోరు కొట్టడం కాదు, అలసట కాదు. ఖాళీ సమయం ఒంటి మీద బరువులా పడి, దాన్ని దులిపేసుకోవాలనిపించడం.

ఎడ్మండ్ సోనుగా-బార్క్ అనే బ్రిటిష్ సైకాలజిస్టు 1992 నుంచి చెబుతున్నది దాదాపు ఇదే. దాన్ని డిలే అవర్షన్ అన్నాడు, ఎదురుచూపు పడకపోవడం. అతని వాదన ప్రకారం కొందరు ఏడీహెచ్‌డీ పిల్లలు తమను ఆపుకోలేక కాదు, ఎదురుచూపును తప్పించుకోవడానికి తొందరపడతారు. తప్పించుకునే దారి ఉంటే దగ్గరిదారి పడతారు. దారి లేకపోతే కదలడం, గెలకడం, పగటి కలలు కనడం లాంటి వాటితో ఆ సమయం తెలియకుండా చేసుకుంటారు. పెద్దలకు మొదటిది తొందరపాటుగా, రెండోది అతిచురుకుగా, పరధ్యానంగా కనిపిస్తాయి. తర్వాత అతనే 2002 ప్రాంతంలో రెండు దారుల నమూనా అని చెప్పాడు. ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్ల లోటు ఒక దారి, ఎదురుచూపు పడకపోవడం ఇంకో దారి. ఒక బిడ్డలో ఒకటే ఉండొచ్చు, రెండూ ఉండొచ్చు. మేరీ సొలాంటో బృందం 2001లో రెండు రకాల పరీక్షలూ ఒకే పిల్లలకు పెట్టి చూసింది. ఆపుకునే పరీక్షలో వచ్చే మార్కుకూ, ఎదురుచూపు పరీక్షలో వచ్చే మార్కుకూ పొంతన లేదు. విడివిడిగా అంతంత మాత్రంగా ఉన్న ఆ రెండు పరీక్షలూ కలిపి చూస్తే మాత్రం, ఎవరికి ఏడీహెచ్‌డీ ఉందో ఎవరికి లేదో పదిమందిలో దాదాపు తొమ్మిదిమందిని సరిగ్గా విడదీశాయి.

చింతపిక్కల పరీక్ష

సోనుగా-బార్క్ 1992 ప్రయోగాన్నే బల్ల మీద పెట్టుకున్నాను. రెండు అట్టముక్కలు, ఒక స్టాప్‌వాచ్, ఒక డబ్బా చింతపిక్కలు. నీలం ముక్క ముట్టుకుంటే రెండు సెకన్లకు ఒక పిక్క. ఆకుపచ్చ ముట్టుకుంటే ముప్పై సెకన్లకు రెండు పిక్కలు. మొత్తం ఇరవై సార్లు. చివర్లో పిక్కలను బట్టి బొమ్మల స్టిక్కర్లు. నియమం అర్థమైందా లేదా చూడటానికి "అన్నిసార్లూ ఆకుపచ్చ ముట్టుకుంటే ఎన్నొస్తాయి?" అని అడిగాను. నలభై అన్నాడు వెంటనే.

ఇరవైలో పదహారుసార్లు నీలం ముట్టుకున్నాడు.

ఇంతవరకు చూసి వాడికి తొందర ఎక్కువ, చేతికి వెంటనే రావాలి అనేస్తే తప్పు చేసినట్టే. ఈ ఆటలో నీలానికి రెండు లాభాలున్నాయి. పిక్క వెంటనే వస్తుంది. పైగా ఆట తొందరగా అయిపోతుంది. అన్నీ నీలమైతే మొత్తం ఎదురుచూపు నలభై సెకన్లు, అన్నీ ఆకుపచ్చ అయితే పది నిమిషాలు. వాడు దేనికోసం నీలం ముట్టుకుంటున్నాడు? పిక్క వెంటనే రావడానికా, ఎదురుచూపు తప్పించుకోవడానికా?

రెండోరోజు ఒక్కటే మార్చాను. నీలం ముట్టుకుంటే పిక్క రెండు సెకన్లకే వస్తుంది, కానీ తర్వాతి ఆట మొదలవడానికి ఇంకో ఇరవై ఎనిమిది సెకన్లు ఆగాలి. ఏది ముట్టుకున్నా ఒక్కో ఆటకు ముప్పై సెకన్లే. వెంటనే పిక్క అనే లాభం నీలానికి అలాగే ఉంది, తొందరగా అయిపోవడం అనే లాభం పోయింది. వెంటనే రావడమే వాడి కోరికైతే ఇప్పుడూ నీలమే ముట్టుకోవాలి.

ఇరవైలో పదిహేనుసార్లు ఆకుపచ్చ.

మూడోరోజు మళ్లీ మొదటి నియమం పెట్టాను, ఆట అలవాటైపోయి మారాడేమో అని. నీలం పద్నాలుగుకి వచ్చింది. 1992 ప్రయోగంలో అతిచురుకు పిల్లలు చేసింది ఇదే వరస. మొత్తం సమయం సమానమైపోతే వాళ్లు పెద్ద బహుమతి కోసం మామూలు పిల్లల్లాగే ఆగారు.

ఒక్క బిడ్డ మీద, నా చేత్తో చేసిన పరీక్షకు ప్రమాణ పట్టికలు లేవు. రిపోర్టులో దీన్ని మార్కుగా రాయలేదు, రాయకూడదు కూడా. పథకం ఎటు తిప్పాలో చెప్పడానికి మాత్రం ఇది చాలు.

ఆ ముప్పై సెకన్లలో వాడేం చేశాడో అంకెల కన్నా ఎక్కువ చెప్పింది. మొదటి ఐదు సెకన్లు బాగానే ఉన్నాడు. తర్వాత పిక్కల్ని బల్ల అంచున వరసగా నిలబెట్టాడు. ఒకటి కింద పడింది, దాని కోసం కుర్చీ దిగాడు, కుర్చీ కింద నుంచి "ఎంతైంది?" అన్నాడు. పైకొచ్చి ఫ్యాను మీద అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. ఒకసారి చేతికి రబ్బరు బ్యాండు ఇచ్చి చూశాను. దాంతో వేళ్ల మధ్య నక్షత్రం చేస్తూ ముప్పై సెకన్లూ కదలకుండా కూర్చున్నాడు. టైమైందని నేనే చెప్పాల్సి వచ్చింది.

రెండో పథకం

మూడు మార్పులు చేశాం. మొదటిది, అనవసరమైన ఖాళీలు తీసేయడం. హోంవర్కు రెండు గంటలు కాదు, పదిహేనేసి నిమిషాలు మూడుసార్లు, తల్లి పక్కనే ఉన్నప్పుడు మాత్రమే. కూర పొయ్యి మీద ఉంటే పుస్తకం తెరవొద్దు. స్కూల్లో లెక్క చేసి బల్ల దగ్గర నిలబడకుండా, చేతిలో తర్వాతి లెక్క ముందే ఉండాలి. టెస్టు పేపరు మూడు ముక్కలుగా ఇవ్వాలి, ఒకటి ఇచ్చేస్తే రెండోది అందుతుంది. ఇచ్చేసి బయటపడాలన్న వాడి కోరిక దానితో వాడికే పనికొచ్చింది. టీచరు మొదట ఒప్పుకోలేదు, యాభైమందిలో ఒకడికి అలా ఎలా ఇస్తాను అంది. న్యాయమైన మాటే. యూనిట్ టెస్టులకు మాత్రం సరే అంది.

రెండోది, బహుమతిని దగ్గరికి తేవడం. ఆదివారం బీచ్ తీసేశాం. పదిహేను నిమిషాల పని అవగానే చేతిలో పిక్కలు, ఆ సాయంత్రమే వాటికి నాన్న బండి మీద చెరువుగట్టు దాకా ఒక చుట్టు. పోయిన పిక్క రేపటి లెక్కలోకి రాదు.

మూడోది, ఎదురుచూపును కొద్దికొద్దిగా పెంచడం. ఎయిటీల నుంచే ఈ పద్ధతి ఉంది. మొదట పెద్ద బహుమతికీ చిన్న బహుమతికీ ఎదురుచూపు సమానం, ఎవరైనా పెద్దదే తీసుకుంటారు. తర్వాత పెద్దదాని ఎదురుచూపు మాత్రం పెంచుకుంటూ పోతాం. మేం పెట్టుకున్న మెట్లు రెండు సెకన్లు, ఐదు, పది, పదిహేను, ఇరవై, ముప్పై, నలభై ఐదు, అరవై, తొంభై, నూట ఇరవై. రోజుకు పదిసార్లు ఆట. పదిలో ఎనిమిదిసార్లు పెద్దది తీసుకుంటే, అదీ వరసగా రెండు రోజులైతే, పై మెట్టు. ఐదు కన్నా తగ్గితే కింది మెట్టు. వారానికి ఒకసారి నా దగ్గర, నాలుగు రోజులు ఇంట్లో.

ముప్పై సెకన్ల దాకా నాలుగు వారాల్లో వచ్చేశాడు. నలభై ఐదు దగ్గర ఆగిపోయాడు. పదికి మూడు, నాలుగు. కింది మెట్టుకు దించితే ఎక్కుతాడు, పైకొస్తే పడతాడు. పది రోజులు ఇలాగే. వాడి హద్దు ఇదేనేమో అనుకునేంతలో ఇంట్లో ఆట ఎలా ఆడుతున్నారో వీడియో తీసి పంపమన్నాను. వీడియోలో చిన్నా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. రబ్బరు బ్యాండు ఏదమ్మా అంటే, "ఆడుకుంటా ఉంటే ఆగడం ఎట్టా నేర్చుకుంటాడు మేడం? బుద్ధిగా ఆగాలి గదా" అంది.

తప్పు నాది. రబ్బరు బ్యాండు ఎందుకో చెప్పలేదు. వాడికి కష్టం కలిగించేది ఖాళీ, ఆ ఖాళీని నింపుకోవడమే వాడు నేర్చుకోవాల్సిన పని. వేళ్లతో ఆట, పాట, ఎదురుగా ఉన్న బోర్డులు చదవడం, ఇవి ఎదురుచూపు నుంచి పారిపోవడం కాదు, ఎదురుచూడటమే. రబ్బరు బ్యాండు తిరిగొచ్చిన వారంలో నలభై ఐదు దాటాడు. పదో వారానికి రెండు నిమిషాలు.

మధ్యలో ఇసుక గడియారం కూడా పెట్టి చూశాను, సమయం కంటికి కనిపిస్తే సులువవుతుందని. చాలామంది పిల్లలకు పని చేస్తుంది. చిన్నాకు చెడింది. కళ్లు ఇసుక మీదే, ప్రతి రెండు సెకన్లకూ "ఇంకా అవలా" అని. తీసేశాను.

మందు, తర్వాత సంగతి

మందు మాట మొదటి నెలలోనే చెప్పాను. తండ్రి వద్దన్నాడు. ఆరేళ్లు దాటిన పిల్లల్లో మందుకూ ప్రవర్తన చికిత్సకూ కలిపి గట్టి ఆధారాలున్నాయని, ఇది బుద్ధిమాంద్యానికిచ్చే మందు కాదని చెప్పినా, చూద్దాం అన్నాడు. జనవరిలో తనే అడిగాడు. సైకియాట్రిస్టు బరువు, గుండె వేగం, బీపీ చూసి మిథైల్‌ఫెనిడేట్ తక్కువ డోసుతో మొదలుపెట్టారు. మధ్యాహ్నం ఆకలి తగ్గింది. పొద్దున టిఫిను మందుకు ముందే గట్టిగా పెట్టించి, బరువు నెలనెలా చూస్తున్నాం.

కాబట్టి మార్చిలో కనిపించిన మార్పులో మందు వాటా ఎంత, మెట్ల ఆట వాటా ఎంత అంటే నేను చెప్పలేను. మందు మొదలుకాకముందు, డిసెంబరులో ఉన్న లెక్క మాత్రం ఉంది. టీచరు ప్రశ్నావళిలో అతిచురుకు, తొందరపాటు ఎనిమిది నుంచి ఐదుకు వచ్చింది. శ్రద్ధ ఏడు నుంచి ఆరుకు మాత్రమే. ఎదురుచూపు మీద చేసిన పని ఎదురుచూపుకు పుట్టిన గొడవల్నే తగ్గించింది. పెన్సిళ్లు, నోటుపుస్తకాలు పారేసుకోవడం అలాగే ఉండిపోయింది, మందు వచ్చాక కొంత తగ్గింది.

ఇప్పుడైతే నా ఇంటేక్ ఫారంలో ఒక గడి పెరిగింది: గొడవకు ముందు నిమిషంలో బిడ్డ ఏం చేస్తున్నాడు, చేతిలో పని ఉందా లేదా. శ్రద్ధ పరీక్ష రిపోర్టులో తప్పుల లెక్క కన్నా ముందు, ఎడం పెరిగే కొద్దీ వేగం ఎలా చెదిరిందో చూస్తున్నాను. ఎడం పెరిగినా తేడా లేని పిల్లలు, అంకెలు వెనక్కి రెండే చెప్పగలిగే పిల్లలు కూడా వస్తారు. వాళ్లకు మొదటి పథకమే సరైన పథకం. చింతపిక్కలు వాళ్లకు అక్కర్లేదు.

జూన్‌లో ఐదో తరగతికి వెళ్లాడు, టీచరు మారింది. పేపరు ముక్కలు చేసి ఇవ్వడం ఆమెకు కుదరదంది. మొదటి యూనిట్ టెస్టు మళ్లీ ఇరవై ఐదు నిమిషాల్లో ఇచ్చేశాడు. ఈసారి చిన్నాతోనే మాట్లాడి, పేపరును తనే మూడు మడతలు పెట్టుకోవడం నేర్పాను. ఒక మడత అయ్యాక రెండు నిమిషాలు రబ్బరు బ్యాండు, తర్వాత రెండో మడత. ఆగస్టు టెస్టులో గంటకు నలభై ఐదు నిమిషాలు కూర్చున్నాడు. చివరి ప్రశ్న వదిలేశాడు. వచ్చే నెల మళ్లీ రమ్మన్నాను.